తప్పు ఎంత పెద్దదైతే సవరణ అంత చిన్నది: క్లాసిఫికేషన్‌లో మీన్ స్క్వేర్డ్ ఎర్రర్ ఎందుకు తడబడుతుంది?

క్లుప్తంగా: సిగ్మాయిడ్ లేదా సాఫ్ట్‌మ్యాక్స్ పెట్టిన నెట్‌వర్క్‌కి తప్పును కొలిచే మీన్ స్క్వేర్డ్ ఎర్రర్, క్రాస్ ఎంట్రపీ అనే లాస్‌లు రెండూ చివరికి ఒకే సంభావ్యతను లక్ష్యంగా చూపిస్తాయి. తేడా గ్రేడియెంట్‌లో, అంటే ఒక్కో అడుగులో అందే సవరణలో ఉంది. గట్టి నమ్మకంతో తప్పు చెప్పిన ఉదాహరణ దగ్గర మొదటిది దాదాపు సున్నా గ్రేడియెంట్ ఇస్తుంది, రెండోది దాదాపు పూర్తి గ్రేడియెంట్ ఇస్తుంది. అయితే దోషం తప్పును వర్గం చేయడంలో, అంటే స్క్వేర్ చేయడంలో లేదు. దాన్ని సిగ్మాయిడ్‌తో జత కట్టడంలో ఉంది.

## గమ్యం ఒకటే

క్లాసిఫికేషన్‌కి క్రాస్ ఎంట్రపీ, రిగ్రెషన్‌కి మీన్ స్క్వేర్డ్ ఎర్రర్ అని పాఠాల్లో చెబుతారు. నేర్చుకునేవాళ్లు కూడా అలాగే గుర్తుపెట్టుకుంటారు. అది నియమం మాత్రమే, కారణం కాదు. ఎవరైనా కుతూహలంతో చిన్న డేటాసెట్ మీద మీన్ స్క్వేర్డ్ ఎర్రర్‌తోనే ట్రైనింగ్ నడిపి చూస్తే, చాలాసార్లు అదీ బాగానే పనిచేస్తుంది. దాంతో అయోమయం ఇంకా పెరుగుతుంది: పనిచేస్తున్నప్పుడు వద్దనడం ఎందుకు?

ఒక తప్పుడు వివరణను ముందే పక్కన పెట్టాలి. మీన్ స్క్వేర్డ్ ఎర్రర్ సంభావ్యతలను సరిగా కొలవలేదని, అందుకే అది క్లాసిఫికేషన్‌కి పనికిరాదని కొందరు అంటారు. అది నిజం కాదు. అచ్చంగా ఒకేలా కనిపించే 100 మెయిల్స్ ఉన్నాయని, వాటిలో 30 స్పామ్ అని అనుకుందాం. ఆ మెయిల్స్‌కి నెట్‌వర్క్ ఇచ్చే సంభావ్యత `p` అయితే మీన్ స్క్వేర్డ్ ఎర్రర్, అంటే సగటు వర్గ దోషం, `0.3(1-p)² + 0.7p²` అవుతుంది. ఇది అతి తక్కువగా ఉండేది `p = 0.3` దగ్గర. క్రాస్ ఎంట్రపీతో లెక్క కట్టినా జవాబు 0.3 అనే వస్తుంది. 1950లో గ్లెన్ బ్రయర్ వాతావరణ సూచనల్లోని సంభావ్యతలకు మార్కులు వేయడానికి ప్రతిపాదించిన పద్ధతి ఈ వర్గ దోషమే. ఇవాళ్టికీ దాన్ని బ్రయర్ స్కోర్ పేరుతో వాడుతున్నారు. కాబట్టి కొలబద్దగా మీన్ స్క్వేర్డ్ ఎర్రర్‌లో లోపం లేదు.

మరి తేడా ఎక్కడ? నెట్‌వర్క్‌కి గమ్యం కనిపించదు. ఒక్కో అడుగులో అది నిలబడ్డ చోట నేల ఎటు వాలింది, ఎంత వాలింది అన్నదే దానికి తెలుస్తుంది. ఆ వాలే గ్రేడియెంట్. రెండు లాస్‌ల లోయ అడుగు ఒకే చోట ఉన్నా, అక్కడికి దిగే నేల రెండింట్లో ఒకలా ఉండదు.

## రెండు గ్రేడియెంట్లు, ఒక్క గుణకం తేడా

రెండే తరగతులున్న సందర్భం తీసుకుంటే విషయం త్వరగా తేలుతుంది. నెట్‌వర్క్ చివర్లో ఒక సంఖ్య వస్తుంది. దాన్ని లాజిట్ అంటారు, `z` అని రాస్తారు. అది ఎంతైనా ఉండవచ్చు. సిగ్మాయిడ్ దాన్ని 0, 1 మధ్యకు నొక్కి సంభావ్యతగా మారుస్తుంది: `p = 1/(1+e^(-z))`. అసలు లేబుల్ `y`, దాని విలువ 0 లేదా 1.

లాస్‌ని `z`తో అవకలనం చేయాలంటే మధ్యలో `p` మీదుగా వెళ్లాలి. ముందు లాస్ `p`తో ఎలా మారుతుందో చూసి, దాన్ని `p` అనేది `z`తో ఎలా మారుతుందో ఆ విలువతో గుణించాలి. ఈ రెండో భాగం సిగ్మాయిడ్ వాలు, అంటే `p(1-p)`. లాస్ ఏదైనా ఈ గుణకం తప్పదు.

వర్గ దోషాన్ని సౌలభ్యం కోసం `(p-y)²/2` అని రాస్తే మొదటి భాగం `p-y` అవుతుంది. రెండూ కలిపితే:

```
MSE:            dL/dz = (p - y) · p(1 - p)
Cross-entropy:  dL/dz = (p - y)
```

క్రాస్ ఎంట్రపీ వరుసలో `p(1-p)` లేదు. అది ఎక్కడికీ మాయం కాలేదు, కొట్టివేతకు గురైంది. లేబుల్ 1 అయినప్పుడు క్రాస్ ఎంట్రపీ `-log p`. దాని వాలు `-1/p`. దీన్ని `p(1-p)`తో గుణిస్తే పైన ఉన్న `p`, కింద ఉన్న `p` కొట్టుకుపోయి `-(1-p)` మిగులుతుంది. తప్పు వైపు చివర సిగ్మాయిడ్ ఎంత చదునుగా ఉంటే లాగ్ అంత నిటారుగా ఉంటుంది. `p` విలువ 0.0025 అయితే సిగ్మాయిడ్ వాలు కూడా దాదాపు 0.0025కు పడిపోతుంది, కానీ లాగ్ వాలు 400కు పెరుగుతుంది. రెండింటి లబ్ధం దాదాపు 1. ఒకటి నొక్కినదాన్ని రెండోది అదే నిష్పత్తిలో లేపుతోంది.

ఇది యాదృచ్ఛికం కాదు. లేబుళ్లు 0 లేదా 1గా మాత్రమే వచ్చే బెర్నూలీ పంపిణీకి గరిష్ఠ సంభావ్యతా సూత్రం రాస్తే లాగ్ దానంతటదే వస్తుంది, సిగ్మాయిడ్ ఆ పంపిణీకి సహజమైన జోడీ. వర్గ దోషం గాసియన్ పంపిణీ నుంచి వస్తుంది, దాని సహజమైన జోడీ ఏ వంపూ లేని సరళ అవుట్‌పుట్. అక్కడా గ్రేడియెంట్ `p-y` రూపంలోనే శుభ్రంగా వస్తుంది. చిక్కంతా ఒక ఇంటి తాళానికి ఇంకో ఇంటి తాళంచెవి పెట్టడంలో ఉంది.

## ఒక మెయిల్ కథ: z = -6

ఒక స్పామ్ మెయిల్ ఉంది, అంటే `y = 1`. నెట్‌వర్క్ మాత్రం ఇది స్పామ్ కానే కాదని గట్టిగా నమ్మి `z = -6` ఇచ్చింది. సంభావ్యత 0.0025 దగ్గర ఉంటుంది. ఇంతకంటే పెద్ద తప్పు చేయడం కష్టమే. ఇలాంటి చోటు నుంచి మొదలుపెట్టి రెండు గ్రేడియెంట్ల పరిమాణం ఎలా ఉంటుందో ఈ పట్టికలో చూడవచ్చు.

| z | p | క్రాస్ ఎంట్రపీ గ్రేడియెంట్ | వర్గ దోషం గ్రేడియెంట్ |
|---|---|---|---|
| -6 | 0.0025 | 0.998 | 0.0025 |
| -2 | 0.119 | 0.881 | 0.092 |
| 0 | 0.5 | 0.5 | 0.125 |
| 2 | 0.881 | 0.119 | 0.0125 |

క్రాస్ ఎంట్రపీ కాలమ్ ఎవరైనా ఊహించినట్టే నడుస్తోంది. తప్పు పెద్దదైతే తోపు పెద్దది, తప్పు తగ్గేకొద్దీ తోపు తగ్గుతుంది. వర్గ దోషం కాలమ్ అలా లేదు. పైనుంచి కిందికి వస్తే మొదట పెరిగి, ఆ తర్వాత తగ్గింది. లేబుల్ 1 అయినప్పుడు దాని పరిమాణం `p(1-p)²`. ఇది గరిష్ఠానికి చేరేది `p = 1/3` దగ్గర, ఆ గరిష్ఠ విలువ 4/27, అంటే 0.148. సంభావ్యత మూడో వంతు కంటే కిందికి దిగాక, ఎంత ఎక్కువ తప్పయితే అంత తక్కువ సవరణ జరుగుతుంది. పట్టికలో మొదటి వరుసను చివరి వరుసతో పోల్చి చూస్తే వింతగా ఉంటుంది: 88 శాతం నమ్మకంతో సరైన జవాబు చెప్పిన ఉదాహరణకు అందిన సవరణ, 0.25 శాతం దగ్గర ఇరుక్కున్న ఉదాహరణకు అందినదానికంటే 5 రెట్లు ఎక్కువ.

ఈ అంకెలు ట్రైనింగ్‌లో ఎంత ఆలస్యంగా తేలుతాయో చూడాలంటే నెట్‌వర్క్ మొత్తం అక్కర్లేదు. లాజిట్‌నే నేరుగా సవరిస్తూ, లెర్నింగ్ రేట్ 1 పెట్టి, `z` సున్నా దాటడానికి ఎన్ని అడుగులు పడుతుందో లెక్కిస్తే చాలు.

```python
import math

def steps(loss, z=-6.0):
    n = 0
    while z < 0:
        p = 1 / (1 + math.exp(-z))
        g = p - 1
        if loss == "mse":
            g *= p * (1 - p)
        z -= g
        n += 1
    return n
```

క్రాస్ ఎంట్రపీకి 7 అడుగులు చాలు. వర్గ దోషానికి 425 చుట్టుపక్కల పడతాయి. ఆ 425 సమానంగా పంచుకున్న అడుగులు కావు. మొదటి రెండు వందల అడుగుల్లో `z` ఒక యూనిట్ కూడా కదలదు. తర్వాత క్రమంగా వేగం పుంజుకుని చివరి కొద్ది అడుగుల్లో పరుగెత్తుతుంది. లాస్ గ్రాఫ్‌లో ఇది పొడవాటి చదునుగా, ఆపైన హఠాత్తుగా పడే మెట్టుగా కనిపిస్తుంది. చదును చూసి ట్రైనింగ్ పూర్తయిందనుకుని ఆపేసేవాళ్లూ ఉంటారు.

మొదలయ్యే చోటు ఇంకా లోతుగా ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. `z = -10` నుంచి మొదలుపెడితే క్రాస్ ఎంట్రపీకి 11 అడుగులు, వర్గ దోషానికి దాదాపు 22,000. లాజిట్ దూరం పెరిగితే మొదటిది ఆ దూరానికి తగ్గట్టు పెరుగుతుంది, రెండోది ఘాతాంకంలో పెరుగుతుంది.

లాజిట్ దగ్గర గ్రేడియెంట్ చిన్నదైతే నష్టం అక్కడితో ఆగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వెనక ఉన్న లేయర్లన్నింటికీ కబురు వెళ్లేది ఈ ఒక్క ద్వారం గుండానే. బ్యాక్‌ప్రొపగేషన్‌లో ప్రతి వెయిట్ గ్రేడియెంట్‌లోనూ `dL/dz` గుణకంగా ఉంటుంది. ఆ ఒక్కటీ 0.0025 అయితే, ఆ మెయిల్ విషయంలో మొదటి లేయర్ నుంచి చివరి లేయర్ దాకా అన్నీ ఆ మేరకే వింటాయి.

## లెర్నింగ్ రేట్ పెంచితే సరిపోదా?

ఇది న్యాయమైన ప్రశ్న. గ్రేడియెంట్ 400 రెట్లు చిన్నదైతే లెర్నింగ్ రేట్ 400 రెట్లు పెంచవచ్చు కదా? పైగా ఆడమ్ లాంటి ఆప్టిమైజర్లు గ్రేడియెంట్ పరిమాణాన్ని వాటంతటవే సర్దుకుంటాయి. అన్ని ఉదాహరణలూ ఒకే `p` దగ్గర ఉంటే ఈ వాదన నిలబడేది. అన్నీ ఒకే గుణకంతో తగ్గితే దాన్ని పెంచి సరిచేయడం సులువు.

కానీ ఒక బ్యాచ్‌లో రకరకాల ఉదాహరణలు కలిసి ఉంటాయి, వాటి గ్రేడియెంట్లు కలిపి కూడుతారు. పై మెయిల్‌ని, `p = 0.5` దగ్గర ఊగిసలాడుతున్న ఇంకో స్పామ్ మెయిల్‌ని ఒకే బ్యాచ్‌లో పెట్టి చూద్దాం. క్రాస్ ఎంట్రపీలో మొదటిదాని వాటా 0.998, రెండోదాని వాటా 0.5. ఎక్కువ తప్పు చేసినదానికి రెట్టింపు గొంతు దక్కింది. వర్గ దోషంలో మొదటిదానికి 0.0025, రెండోదానికి 0.125. ఇప్పుడు ఊగిసలాటలో ఉన్న మెయిల్ గొంతు 50 రెట్లు పెద్దది, ఘోరంగా తప్పిన మెయిల్ మాట వినబడదు. లెర్నింగ్ రేట్ ఎంత పెంచినా రెండు గొంతులూ కలిసే పెరుగుతాయి, నిష్పత్తి మారదు. ఆడమ్ చేతికి వచ్చేది కూడా ఈ కూడిన మొత్తమే. లోపల ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు.

కాబట్టి సమస్యను వేగం సమస్యగా మాత్రమే చూడటం సరికాదు. `p(1-p)` అనే గుణకం ప్రతి ఉదాహరణకూ ఒక బరువు వేస్తోంది. మధ్యలో ఉన్నవాటికి ఎక్కువ, రెండు చివర్లకు తక్కువ. సరైన వైపు చివర ఉన్నవాటికి బరువు తగ్గితే నష్టం లేదు, వాటికి నేర్పాల్సింది ఏమీ లేదు. తప్పు వైపు చివర ఉన్నవాటికి కూడా అదే తీర్పు ఇవ్వడం దగ్గరే తేడా కొడుతుంది. సూత్రం రెండు చివర్లనూ ఒకేలా చూస్తుంది.

## మూడు తరగతులైతే ఇంకో వింత

తరగతులు రెండు దాటితే సిగ్మాయిడ్ స్థానంలో సాఫ్ట్‌మ్యాక్స్ వస్తుంది. క్రాస్ ఎంట్రపీ గ్రేడియెంట్ రూపం మారదు, ప్రతి తరగతికీ `p - y`. వర్గ దోషంలో మాత్రం ఒక తరగతి గ్రేడియెంట్‌లో మిగతా తరగతులన్నీ కలిసిపోతాయి, ఎందుకంటే సాఫ్ట్‌మ్యాక్స్‌లో ఒక లాజిట్ కదిలితే అన్ని సంభావ్యతలూ కదులుతాయి.

ఒక ఫొటోలో పిల్లి ఉంది. నెట్‌వర్క్ పిల్లికి 0.001, కుక్కకి 0.998, గుర్రానికి 0.001 ఇచ్చింది. క్రాస్ ఎంట్రపీ ఇచ్చే గ్రేడియెంట్లు వరుసగా -0.999, 0.998, 0.001. వీటికి వ్యతిరేక దిశలో లాజిట్ కదులుతుంది కాబట్టి పిల్లి పైకి, కుక్క కిందికి, గుర్రం నామమాత్రంగా కిందికి. ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదు.

వర్గ దోషంతో లెక్కిస్తే పిల్లికి -0.0020, కుక్కకి 0.0030, గుర్రానికి -0.0010 వస్తాయి. పిల్లి, కుక్క అంకెలు 300 నుంచి 500 రెట్లు చిన్నవన్నది ముందే తెలిసిన సంగతి. కొత్తగా కనిపించేది గుర్రం గుర్తు. అది రుణాత్మకం, అంటే గుర్రం లాజిట్ పైకి వెళుతుంది. ఫొటోలో గుర్రం లేదు, అయినా పిల్లికి అందిన తోపులో సగం గుర్రానికి కూడా అందింది. కారణం ఏమిటంటే కుక్క మీద ఉన్న 0.998ని ఎలాగైనా తగ్గించడమే ఆ క్షణంలో వర్గ దోషానికి లాభం. ఆ సంభావ్యత ఎవరికి చేరుతుందన్నది రెండో విషయం. తప్పు సంభావ్యత ఒకే తరగతి మీద గుట్టగా ఉండటం కంటే రెండు తరగతుల మీద పరుచుకుని ఉండటం వర్గ దోషానికి చౌక. క్రాస్ ఎంట్రపీ మాత్రం సరైన తరగతి సంభావ్యతను ఒక్కదాన్నే చూస్తుంది. మిగతావి తమలో తాము ఎలా పంచుకున్నాయో దాని విలువలో కనిపించదు.

గుర్రం ఇలా పైకి వెళ్లడం తాత్కాలికమే. కుక్క సంభావ్యత బాగా తగ్గాక గుర్తు తిరగబడుతుంది. కానీ ఆ దశ దాకా చేరడానికే చాలా అడుగులు పడతాయి, ఈలోగా నెట్‌వర్క్ ఎక్కువగా నేర్చుకునేది కుక్క కాదన్న సంగతి, పిల్లి అన్న సంగతి అంతకంటే తక్కువ.

## మరి పాతరోజుల్లో ఎలా నడిచింది?

1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ బ్యాక్‌ప్రొపగేషన్‌ని ప్రాచుర్యంలోకి తెచ్చిన పేపర్‌లో వాడింది వర్గ దోషమే, యూనిట్లు సిగ్మాయిడ్‌వే. నెట్‌వర్క్‌లు చిన్నవి, వెయిట్లు చిన్న విలువలతో మొదలయ్యేవి. చిన్న వెయిట్లతో లాజిట్లు సున్నా చుట్టూ ఉంటాయి. అక్కడ `p(1-p)` విలువ 0.25, అంటే నాలుగు రెట్ల తేడా మాత్రమే. అందుకే చిన్న ప్రయోగాల్లో ఇవాళ కూడా వర్గ దోషం ఫర్వాలేదనిపిస్తుంది. ట్రైనింగ్ మధ్యలో కొన్ని ఉదాహరణలు తప్పు వైపు చివరకు జారినప్పుడే తేడా బయటపడుతుంది. 2010లో గ్లోరో, బెంజియో రాసిన పేపర్ రెండు లాస్‌ల ఉపరితలాలను ఒకే బొమ్మలో గీసి, వర్గ దోషంలో చదును ప్రాంతాలు ఎక్కువని చూపించింది.

దీనికి ఎదురు నిలిచే ఫలితం కూడా ఉంది, దాన్ని దాటవేస్తే విశ్లేషణ అసంపూర్తి. 2020లో హుయ్, బెల్కిన్ భాష, మాట గుర్తింపు, చిత్రాల పనుల మీద ఆధునిక నెట్‌వర్క్‌లను రెండు లాస్‌లతోనూ ట్రైన్ చేసి పోల్చారు. భాష, మాట గుర్తింపు పనుల్లో వర్గ దోషం క్రాస్ ఎంట్రపీతో సమానంగా లేదా కాస్త మెరుగ్గా నిలిచింది. చిత్రాల్లో క్రాస్ ఎంట్రపీకి స్వల్ప ఆధిక్యం కనిపించింది. ఇది పైన చెప్పినదానికి విరుద్ధంగా తోస్తుంది, కానీ వాళ్లు చేసిన ఒక మార్పును గమనిస్తే చిక్కు వీడుతుంది. వాళ్లు సాఫ్ట్‌మ్యాక్స్‌ని తీసేసి, వర్గ దోషాన్ని నేరుగా లాజిట్ల మీదే వేశారు. మధ్యలో వంపు లేదు కాబట్టి `p(1-p)` కూడా లేదు. తాళానికి దాని చెవే పెట్టారన్నమాట.

అలా వాడినప్పుడు వేరే ఇబ్బంది ఒకటి ఉంది. లక్ష్యం 1 అయి, లాజిట్ 3 వస్తే అది సరైన జవాబే, కానీ వర్గ దోషం దాన్ని 2 యూనిట్ల తప్పుగా లెక్కేసి వెనక్కి లాగుతుంది. తరగతులు వందల్లో ఉంటే ఒక్క 1కి ఎదురుగా వందల సున్నాలు ఉంటాయి, సున్నాలను సరిపెట్టడంలోనే నెట్‌వర్క్ శక్తి ఖర్చవుతుంది. అందుకే ఆ ప్రయోగాల్లో తరగతుల సంఖ్య ఎక్కువైన చోట సరైన తరగతికి బరువు, లక్ష్యం విలువ రెండూ పెంచాల్సి వచ్చింది.

## పూర్తి గ్రేడియెంట్ ఎప్పుడు బెడద?

తప్పుకు పూర్తి గొంతు ఇవ్వడం మంచిదన్న వాదన వెనక ఒక ఊహ దాగి ఉంది: లేబుల్ నిజమేనని. లేబుల్ వేసిన మనిషి పొరపడి పిల్లి ఫొటోకి కుక్క అని రాసి ఉంటే, నెట్‌వర్క్ గట్టిగా పిల్లి అని చెప్పడం సరైన పని. క్రాస్ ఎంట్రపీకి ఆ తేడా తెలియదు, దాదాపు 1 గ్రేడియెంట్‌తో దాన్ని కుక్క వైపు తోస్తుంది. ట్రైనింగ్ ముందుకు సాగి మంచి ఉదాహరణల గ్రేడియెంట్లు సున్నాకు దగ్గరైన కొద్దీ, మిగిలిన గొంతుల్లో తప్పు లేబుళ్లవే పెద్దవవుతాయి. నెట్‌వర్క్ వాటిని బట్టీ పట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడ వర్గ దోషం బలహీనతే రక్షణగా మారుతుంది. చివర్లలో ఉన్నవాటిని పట్టించుకోకపోవడం వల్ల తప్పు లేబుళ్ల లాగుడు కూడా తగ్గుతుంది. లేబుళ్లలో తప్పులు ఎక్కువగా ఉండే డేటా కోసం 2018లో జాంగ్, సబుంకు ప్రతిపాదించిన సాధారణీకృత క్రాస్ ఎంట్రపీ ఈ రెండు ధోరణుల మధ్య ఒక మీట లాంటిది. దాని పరామితిని సున్నా వైపు తిప్పితే మామూలు క్రాస్ ఎంట్రపీ వస్తుంది. 1 వైపు తిప్పితే తప్పు వైపు చివర ఉన్న ఉదాహరణల మాట తగ్గుతుంది. ఎంత తిప్పాలన్నది లేబుళ్ల మీద ఎంత నమ్మకం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

## క్రాస్ ఎంట్రపీ అని రాసి, వర్గ దోషంలా నడపడం

ఆచరణలో ఎక్కువగా దొరికే తప్పు లాస్ ఎంపికలో కాదు, దాన్ని కలపడంలో జరుగుతుంది. పైటార్చ్‌లో `CrossEntropyLoss` లాజిట్లనే తీసుకుంటుంది, సాఫ్ట్‌మ్యాక్స్ లోపల అదే వేసుకుంటుంది. మోడల్ చివర్లో కూడా సాఫ్ట్‌మ్యాక్స్ పెట్టి దాని ఫలితాన్ని లాస్‌కి ఇస్తే సాఫ్ట్‌మ్యాక్స్ రెండుసార్లు పడుతుంది. ఎర్రర్ రాదు, కోడ్ నడుస్తుంది, లాస్ తగ్గుతుంది కూడా. కానీ లాగ్ ఒక సాఫ్ట్‌మ్యాక్స్‌నే కొట్టివేయగలదు. రెండోది అలాగే మిగిలి, వర్గ దోషంలో చూసిన లాంటి గుణకాన్నే గ్రేడియెంట్‌లోకి తిరిగి తెస్తుంది. పేరుకి క్రాస్ ఎంట్రపీ, నడక మాత్రం పాత జబ్బుదే.

దీన్ని పట్టుకోవడానికి ఒక కచ్చితమైన గుర్తు ఉంది. మొదటి సాఫ్ట్‌మ్యాక్స్ తర్వాత విలువలన్నీ 0, 1 మధ్యే ఉంటాయి. 10 తరగతులుంటే అత్యుత్తమంగా ఒకటి 1, తొమ్మిది 0లు. వాటి మీద మళ్లీ సాఫ్ట్‌మ్యాక్స్ వేస్తే సరైన తరగతికి దక్కే గరిష్ఠ సంభావ్యత `e/(e+9)`, అంటే 0.232. దాని లాస్ 1.461. అంతకంటే కిందికి ఎన్ని ఎపోక్‌లు నడిపినా దిగదు. 10 తరగతుల పనిలో లాస్ `ln 10`, అంటే 2.303 దగ్గర మొదలై, అక్యురసీ బాగున్నా 1.46 దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగితే మోడల్ చివరి లైన్ వెతకాలి. రెండే తరగతులైతే ఆ గోడ 0.313 దగ్గర ఉంటుంది.

వ్యతిరేక దిశలో ఇంకో పొరపాటు జరుగుతుంది. సిగ్మాయిడ్‌ని విడిగా వేసి, ఆ తర్వాత లాగ్‌ని చేత్తో రాస్తే, 32 బిట్ల లెక్కల్లో లాజిట్ 18 దాటాక `p` సరిగ్గా 1గా గుండ్రమైపోతుంది. అప్పుడు లేబుల్ 0 అయితే `log(1-p)` రుణ అనంతం, లాస్ అనంతం అవుతాయి. కాగితం మీద జరిగిన కొట్టివేత యంత్రంలో జరగాలంటే సిగ్మాయిడ్, లాగ్ రెండూ ఒకే ఫంక్షన్‌లో ఉండాలి. `BCEWithLogitsLoss` ఉన్నది ఇందుకే.

గ్రాఫ్ చదునుగా ఉన్నప్పుడు అది నేర్చుకోవడం ముగిసిన చదునా, ఇరుక్కున్న చదునా అన్నది లాస్ విలువ చూసి చెప్పలేం. ట్రైనింగ్ డేటాలోనే తప్పుగా వర్గీకరించిన ఉదాహరణలను విడదీసి, లాజిట్ దగ్గర వాటి గ్రేడియెంట్‌ని ప్రింట్ చేయాలి. పైటార్చ్‌లో లాజిట్ మీద `retain_grad()` పిలిచి, బ్యాక్‌వర్డ్ అయ్యాక `.grad` చూస్తే సరిపోతుంది. బ్యాచ్ సగటు వల్ల వచ్చే భాగహారాన్ని తిరిగి గుణించాక, జతలు సరిగా కుదిరిన నెట్‌వర్క్‌లో రెండు తరగతుల పనిలో ఆ ఉదాహరణల గ్రేడియెంట్ 0.5 కంటే పెద్దదే అయి ఉండాలి, ఎందుకంటే తప్పు చెప్పడమంటేనే `p - y` పరిమాణం సగం దాటడం. ఆ చోట 0.002 లాంటి అంకె కనిపిస్తే, దారిలో ఎక్కడో ఒక `p(1-p)` కొట్టివేతకు గురికాకుండా మిగిలిపోయింది.